దురద లేనివాళ్లకూ గజ్జి మందు

గజ్జిని పుట్టించే పురుగు పేరు సార్కోప్టిస్. ఆడపురుగు పొడవు మిల్లీమీటరులో మూడో వంతుకు కొంచెం అటూ ఇటూ. గర్భం దాల్చిన ఆడపురుగు మన ఒంటి మీదికి చేరగానే, నోటి భాగాలతో, ముందు కాళ్లతో చర్మాన్ని తొలుచుకుంటూ లోపలికి పోతుంది. దాని లాలాజలం ఆ పొరను మెత్తబరుస్తుంది. అయితే అది లోతుకు దిగదు. అన్నిటికన్నా పైన ఉండే మృతకణాల పొరలోనే ఉండి, రోజుకు కొద్ది మిల్లీమీటర్లు ముందుకు సాగుతూ, వెనకాల గుడ్లూ మలమూ వదులుతుంది. వేళ్ల సందుల్లోనో మణికట్టు మీదో వంకరటింకరగా కనబడే సన్నని బూడిదరంగు గీత ఆ సొరంగమే. డాక్టరు ముందుగా వెతికేది దాన్నే.

రోజుకు రెండు మూడు గుడ్ల చొప్పున నెల, రెండు నెలల పాటు పెడుతుంది. మూడు నాలుగు రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. రెండు వారాలు తిరిగేసరికి అవీ పెద్దవవుతాయి. వీటిలో చాలా వరకు బతకవు. అందుకే ఒళ్లంతా గోక్కుంటున్న మనిషిలో కూడా మామూలుగా పదీ పదిహేను ఆడపురుగులకు మించి ఉండవు. ఇంత తక్కువ పురుగులతో అంత దురద ఎలా వస్తుంది? దురద పురుగు కుట్టినందువల్ల వచ్చేది కాదు. పురుగుకూ దాని మలానికీ గుడ్లకూ ఒళ్లు పడకపోవడం వల్ల వచ్చేది. పురుగు లేని చోట కూడా దురద పుడుతుంది. రాత్రి ఇంకా ఎక్కువవుతుంది.

ఈ పడకపోవడం వెంటనే మొదలు కాదు. మొదటిసారి గజ్జి సోకిన మనిషికి దురద రావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. రెండోసారి సోకితే ఒళ్లు పురుగును గుర్తుపడుతుంది కాబట్టి ఒకటి రెండు రోజుల్లోనే మొదలవుతుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో కెన్నెత్ మెలన్‌బీ అనే శాస్త్రవేత్త, స్వచ్ఛందంగా ముందుకొచ్చిన మనుషుల మీద ఈ తేడాను గమనించాడు. రోగులు వాడిన దుప్పట్లలో పడుకున్నవాళ్లకు గజ్జి అరుదుగానే అంటుకుందని కూడా ఆయన ప్రయోగాల్లో తేలింది. అది ముఖ్యంగా ఒంటికి ఒళ్లు చాలాసేపు తగిలినప్పుడు పాకే జబ్బు. ఒకే చాప మీద పడుకోవడం, పిల్లల్ని ఒళ్లో కూచోబెట్టుకోవడం, దంపతుల పడక అలాంటివి.

ఒక ఇంటి సంగతి ఊహించుకుందాం. హాస్టల్లో చదివే అబ్బాయి దసరా సెలవులకు దురదతో వచ్చాడు. రాత్రుళ్లు నాయనమ్మ పక్కన, చెల్లెలి పక్కన పడుకున్నాడు. అమ్మ వాడొక్కడికే మందు రాసింది. వాడికి తగ్గింది, హాస్టల్‌కు వెళ్లిపోయాడు. ఈలోపే పురుగులు చెల్లెలికీ నాయనమ్మకూ చేరాయి. వాళ్లకు ఇంకా దురద రాలేదు కాబట్టి ఎవరికీ అనుమానం లేదు. దీపావళికి వాడు మళ్లీ వచ్చి వాళ్ల పక్కనే పడుకున్నాడు. రెండు రోజుల్లో వాడి ఒళ్లంతా దురద. మందు పనిచేయలేదని ఇంట్లో అనుకుంటారు. నిజానికి అది పనిచేసింది, వాడికి ఇంట్లోనే మళ్లీ అంటుకుంది. ఇలాంటప్పుడు చాలామంది దుకాణంలో స్టెరాయిడ్ కలిసిన ఆయింట్‌మెంటు కొంటారు. అది దురదను కాస్త అణిచి జబ్బు రూపు మార్చేస్తుంది. పురుగులు మాత్రం అలాగే ఉంటాయి. ఇది నాకు అన్నిటికన్నా ప్రమాదంగా తోచే పొరపాటు.

అందుకే ఇంట్లో అందరూ, దురద ఉన్నా లేకపోయినా, ఒకే రాత్రి మందు వాడాలి. సాధారణంగా ఇచ్చేది 5 శాతం పెర్మెత్రిన్ క్రీము. పెద్దవాళ్లకు ఒక్కొక్కరికి సుమారు 30 గ్రాములు కావాలి. దురద ఉన్న చోట మాత్రమే కాకుండా, మెడ నుంచి అరికాలి దాకా, వేళ్ల సందులు, గోళ్ల కింద, చంకలు, బొడ్డు, మర్మాంగాలు ఏవీ వదలకుండా రాసి, 8 నుంచి 14 గంటలు ఉంచి స్నానం చేయాలి. మధ్యలో చేతులు కడిగితే అక్కడ మళ్లీ రాయాలి. పసిపిల్లలకు తలకూ ముఖానికీ ఎలా రాయాలో డాక్టరు చెబుతారు. గర్భిణులూ ముందుగా అడిగి వాడాలి. మొదటిసారికి తప్పించుకున్న గుడ్ల నుంచి వచ్చే పురుగుల కోసం వారం పది రోజుల తర్వాత అందరూ మళ్లీ రాయాలి. ఆ మొదటి రాత్రికి ముందు మూడు రోజుల్లో వాడిన బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. ఉతకలేనివి వారం పాటు సంచిలో కట్టిపెడితే చాలు. ఒంటికి దూరమైన పురుగు రెండు మూడు రోజులకు మించి బతకదు.

మందు రాసినా దురద వెంటనే ఆగదు. చచ్చిన పురుగుల అవశేషాలు చర్మంలో ఉన్నంత కాలం, రెండు నుంచి నాలుగు వారాల దాకా, ఉండవచ్చు. దానికి బెదిరి మందును పదే పదే రాయకండి, చర్మం మంటెత్తుతుంది. నెల దాటినా దురద పోకపోయినా, కొత్త గీతలు కనబడినా డాక్టరుకు చూపించండి. చూపించేటప్పుడు రోగితో పాటు ఇంట్లో ఎంతమంది ఉన్నారో, ఎవరెవరి పక్కన పడుకుంటారో చెప్పండి. హాస్టల్ పిల్లవాడైతే ఆ గది పిల్లలందరికీ అదే సమయంలో మందు వేయించమని వార్డెన్‌ను అడగండి.