వాటా అమ్మొచ్చు, గది అమ్మలేం

తెనాలిలో మూడొందల గజాల పాత పెంకుటిల్లు ఒకటి ఉందనుకుందాం. తండ్రి స్వార్జితం. తల్లి ముందే పోయింది, ఆయన వీలునామా రాయకుండా పోయాడు. పిల్లలు ముగ్గురు. అన్న ఆ ఇంట్లోనే కాపురం, చెల్లెలు డాలస్‌లో, తమ్ముడు హైదరాబాద్‌లో. పండక్కి అందరం కలిసినప్పుడు పంచుకుందాంలే అనుకుంటూ పదిహేనేళ్లు గడిపేశారు. ఈలోగా తమ్ముడికి డబ్బు అవసరం పడింది. అన్నతో బేరం కుదరలేదు. దాంతో స్థలాలు కొని అమ్మే ఊరి వ్యాపారి ఒకాయనకి "తూర్పు వైపు రెండు గదులు, వాటి ముందు ఖాళీ జాగా, వెరసి వంద గజాలు" అని నాలుగు పక్కలా హద్దులు వేసి రిజిస్ట్రేషన్ చేసిచ్చేశాడు.

కబురు తెలియగానే అన్న అడిగే మొదటి మాట: "నా సంతకం లేకుండా వాడెలా అమ్ముతాడు?"

అమ్మొచ్చు. ఉమ్మడి ఆస్తిలో ఎవరి వాటా వాళ్లు అమ్ముకోవడానికి మిగతావాళ్ల సంతకం అక్కర్లేదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షన్ చెబుతోంది. ఇక్కడ ఆస్తి తండ్రి స్వార్జితం కాబట్టి లెక్క సులువు. తాతముత్తాతల నాటి ఉమ్మడి కుటుంబ ఆస్తి అయినా మన ప్రాంతంలో జవాబు పెద్దగా మారదు. పాత మద్రాసు సంప్రదాయం నడిచిన చోట్ల, అంటే మన దగ్గర కూడా, అవిభక్త కుటుంబ సభ్యుడు తన వాటాను సొమ్ము తీసుకుని అమ్ముకోవచ్చు. ఉత్తరాదిన చాలాచోట్ల ఆ వీలు లేదు.

అయితే తమ్ముడు అమ్మగలిగింది మూడో వంతు వాటానే, రెండు గదులను కాదు. పంపకం జరిగేదాకా ఆ ఇంట్లో ప్రతి ఇటుకలోనూ ముగ్గురికీ భాగం ఉంటుంది. తూర్పు గదుల్లో అన్నకూ ఉంది, పడమటి వంటింట్లో తమ్ముడికీ ఉంది. అందుకని దస్తావేజులో ఎంత వివరంగా హద్దులు రాసుకున్నా, కొన్నవాడికి దక్కేది "మూడింట ఒక వంతు అవిభక్త వాటా" మాత్రమే. సబ్ రిజిస్ట్రార్ రిజిస్టర్ చేశాడంటే హద్దులు ఖాయమైపోయాయని చాలామంది నమ్ముతారు. అమ్మేవాడికి ఆ గదులు విడిగా దక్కాయా లేదా అని తేల్చడం ఆ ఆఫీసు పని కాదు.

ఆ హద్దులకు ఓ చిన్న విలువ లేకపోలేదు. రేపు కోర్టు పంపకం చేసేటప్పుడు, మిగతావాళ్లకు నష్టం లేకుంటే, ఆ తూర్పు ముక్కనే తమ్ముడి వాటా కింద వేసి కొన్నవాడికి ఇప్పించే ప్రయత్నం చేయొచ్చు. పొలాల విషయంలో ఇది తరచూ జరుగుతుంది. కానీ అది కోర్టు న్యాయం చూసి చేసే సర్దుబాటు. కొన్నవాడు గట్టిగా నిలదీసి పుచ్చుకునే హక్కు కాదు.

అసలు గొడవ స్వాధీనం దగ్గర మొదలవుతుంది. ఇలాంటి వాటాలు కొనేవాళ్లలో కొందరికి ఒక అలవాటు ఉంది. కోర్టులకు సెలవులొచ్చే ముందు రోజు సాయంత్రం నలుగురు మనుషులతో వచ్చి, గది తాళం పగలగొట్టి, ఓ మంచం, నాలుగు సిమెంటు బస్తాలు లోపల పడేస్తారు. కోర్టు తెరిచేసరికి "నేను స్వాధీనంలోనే ఉన్నాను" అనొచ్చన్న ధీమా.

మన ఇంటి విషయంలో ఆ ధీమా చెల్లదు. 44వ సెక్షన్‌లోనే చివర ఒక మాట ఉంది. అవిభక్త కుటుంబానికి చెందిన నివాస గృహంలో వాటాను బయటివాడు కొంటే, ఇంటివాళ్లతో కలిసి స్వాధీనం అనుభవించే హక్కు అతనికి లేదు. వాటా అతనిదే, లోపల అడుగు పెట్టే హక్కు మాత్రం పంపకం అయ్యాకే. ఆడవాళ్లు, పిల్లలు తిరిగే ఇంట్లోకి ముక్కూమొహం తెలియనివాణ్ని చొప్పించడం సబబు కాదని చట్టం అనుకుంది.

కాబట్టి అన్న చేయాల్సిన పని, ఆలస్యం లేకుండా సివిల్ కోర్టులో ఇంజంక్షన్ దావా వేయడం. కొన్నవాడు అప్పటికే లోపలికి వచ్చేసినా దారి మూసుకుపోదు. 1990లో డోరబ్ కావాస్‌జీ వార్డెన్ కేసులో సుప్రీంకోర్టు, వాటా కొని ఇంట్లో చేరిన బయటివాళ్లను దావా తేలకముందే, మధ్యంతర ఉత్తర్వుతోనే బయటికి పంపడాన్ని సమర్థించింది. చొరబాటు జరిగిన వారంలోపు కోర్టుకు వెళ్లినవాడికీ, ఏడాది ఊరుకుని వెళ్లినవాడికీ ఒకే ఉత్తర్వు వస్తుందని మాత్రం ఆశించకూడదు.

ఇక్కడ "అవిభక్త కుటుంబం" అంటే ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్లని కాదు. ఇల్లు హద్దులు వేసుకుని పంచుకోలేదంటే చాలు, ఆ ఇంటి మటుకు వాళ్లు అవిభక్తులే. చెల్లెలు అమెరికాలో ఉన్నా, తమ్ముడు హైదరాబాద్‌లో ఉన్నా తేడా రాదు. ఇది హిందువులకే అన్న నియమమూ లేదు, ముస్లిం కుటుంబాలకూ వర్తిస్తుందని వందేళ్ల కిందటే కోర్టులు తేల్చాయి. కాకపోతే నివాస గృహానికే ఈ రక్షణ. అదే తమ్ముడు బజారులో ఉమ్మడి కొట్టులోనో, కాలవ కింద పొలంలోనో తన వాటా అమ్మితే ఈ మాట పనికిరాదు.

ఇప్పుడు వ్యాపారి సంగతి. సొమ్ము పోశాడు, ఇంట్లోకి రాలేడు. అతనికి మిగిలిన దారి పంపకాల దావా. మూడో వంతు విడగొట్టి ఇప్పించమని అడగాలి. సరిగ్గా అక్కడ 1893 నాటి విభజన చట్టం 4వ సెక్షన్ అతని కోసం కాచుకుని ఉంది. నివాస గృహంలో వాటా కొన్న బయటివాడు పంపకం కోసం దావా వేస్తే, ఇంటివాళ్లలో వాటాదారుడెవరైనా "ఆ వాటా నేనే కొంటాను" అని ముందుకు రావొచ్చు. వస్తే కోర్టు ధర కట్టించి, ఆ వాటాను అతనికే అమ్మించి తీరాలి. వ్యాపారి "నేను అమ్మను" అనడానికి లేదు.

ఇంటివాళ్లు పొరపాటు పడేది ధర దగ్గర. దస్తావేజులో రాసింది ప్రభుత్వ విలువే కదా, అదే ఇచ్చి వాటా వెనక్కి లాగేసుకుందాం అనుకుంటారు. కుదరదు. ధర కోర్టు నిర్ణయిస్తుంది, మామూలుగా కమిషనర్‌ను వేసి మార్కెట్ రేటు తెలుసుకుంటుంది. తెనాలి మెయిన్ రోడ్డుకు దగ్గరైతే ఆ మేరకు చేతిలో డబ్బుండాలి. అన్న, చెల్లెలు ఇద్దరూ విడివిడిగా కొంటామంటే, కోర్టు కట్టిన ధరకు తగ్గకుండా ఎవరు ఎక్కువ ఇస్తే వాళ్లకే.

నేను చూసినంతలో కుటుంబాలు ఎక్కువగా దెబ్బతినేది ఆ తర్వాతి మెలికలో. వ్యాపారి కొన్నాడని తెలియగానే కంగారుపడి అన్నో, చెల్లెలో తామే ముందు పంపకాల దావా వేసి, వ్యాపారిని ప్రతివాదిగా చేరుస్తారు. 4వ సెక్షన్ మాట మాత్రం "బయటివాడు దావా వేస్తే" అని. 2000 సంవత్సరంలో గౌతమ్ పాల్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. పంపకం కోరుతూ కొన్నవాడే ముందుకు రావాలి, ఇంటివాళ్లు వేసిన దావాలో అతను ఊరికే ప్రతివాదిగా కూర్చున్నంత మాత్రాన బలవంతంగా అతని వాటా కొనలేరు. బయటివాళ్లు నివాస గృహంలో వాటా కొనకూడదని ఏ చట్టమూ అనలేదని కూడా ఆ తీర్పు గుర్తుచేసింది. అంటే తొందరపడి వేసిన దావా, చేతిలో ఉన్న మంచి ఆయుధాన్ని మూలన పడేయొచ్చు. ఇంజంక్షన్ దావా వేసి గుమ్మం కాపాడుకుని, పంపకం సంగతి వ్యాపారే ఎత్తేదాకా ఆగడం చాలాసార్లు మేలు. ఇది వకీలుతో ముందే మాట్లాడుకోవాల్సిన విషయం. చాలా కుటుంబాల్లో దావా వేశాక మాట్లాడుకుంటారు.

వ్యాపారి వైపు నుంచి ఒక బెదిరింపు వస్తుంటుంది: "పంచడానికి వీల్లేని ఇల్లిది, మొత్తం వేలం వేయిస్తా." పంచలేని ఆస్తిని అమ్మి సొమ్ము పంచడానికి విభజన చట్టంలో వీలున్న మాట నిజమే. కానీ అలా అడగాలంటే ఒక్కరైనా, కలిసి అయినా సగానికి తగ్గని వాటా ఉండాలి. మూడో వంతుతో అతనొక్కడే వేలం కోరలేడు.

డాలస్‌లోని చెల్లెలి భయం ఇంకో రకం. పదిహేనేళ్లుగా ఇంటి పన్ను అన్న పేరునే ఉంది, కరెంటు మీటరూ ఆయన పేరునే. పన్నెండేళ్లు దాటితే హక్కు పోతుందని ఎవరో చెప్పారు. పరాయివాడు ఆక్రమించినప్పటి లెక్క అది. ఉమ్మడి హక్కుదారుల్లో ఒకరి స్వాధీనం అందరి స్వాధీనం కిందే లెక్క. 1956లో పి. లక్ష్మీరెడ్డి కేసులో సుప్రీంకోర్టు దీన్ని స్పష్టం చేసింది. తోటి వారసుడి హక్కు చెల్లిపోవాలంటే ఒకరు ఒంటరిగా అనుభవించడం చాలదు. "ఇందులో నీకేమీ లేదు" అని ఆమెకు తెలిసేలా బాహాటంగా కాదని, అలా పన్నెండేళ్లు గడవాలి. పన్ను రసీదు అంత పని చేయలేదు. కాకపోతే అన్న ఎప్పుడైనా ఆమెకు అలాంటి ఉత్తరమో, వకీలు నోటీసో పంపి ఉంటే, గడువు ఆ తేదీ నుంచి లెక్క మొదలవుతుంది. అలాంటి కాగితం వస్తే పక్కన పడేయకూడదు. ఆడపిల్ల నివాస గృహంలో పంపకం అడగడానికి వీల్లేదన్న పాత నిబంధన కూడా 2005 సవరణతో పోయింది.

ఇంతకీ తమ్ముడు చేసింది పూర్తిగా సబబేనా? కాదు. తండ్రి వీలునామా లేకుండా పోగా ముగ్గురికీ కలిసి వచ్చిన ఆస్తి ఇది. అలాంటప్పుడు ఒక వారసుడు తన వాటా అమ్మదలిస్తే మిగతా వారసులకు ముందుగా కొనే హక్కు ఉందని హిందూ వారసత్వ చట్టం 22వ సెక్షన్ అంటోంది. ఇది ఇళ్లకే కాదు, వ్యవసాయ భూములకూ వర్తిస్తుందని 2019లో బాబూరామ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ముగ్గురూ కలిసి డబ్బు వేసి కొనుక్కున్న ఆస్తి అయితే మాత్రం ఈ హక్కు లేదు.

వ్యాపారి దగ్గరికి పోయేముందు తమ్ముడు అన్నకీ, చెల్లెలికీ రిజిస్టర్డ్ పోస్టులో ఒక ఉత్తరం రాసి ఉంటే సరిపోయేది. ఎంత వాటా, ఎంత అడుగుతున్నాడు, ఎప్పటిలోగా జవాబివ్వాలి, అంతే. ధర దగ్గర పడకపోతే కోర్టుకు దరఖాస్తు పెట్టుకుంటే కోర్టే ధర తేలుస్తుంది. ఇద్దరూ కొంటామంటే ఎక్కువిచ్చేవాళ్లకు మొగ్గు. కొంటానని ముందుకొచ్చినవాడు, కోర్టు తేల్చిన ధర విని వెనక్కి తగ్గితే, ఆ దరఖాస్తు ఖర్చులన్నీ అతనే భరించాలి.