పన్నెండు వేల శాంపిల్‌లో పినపాక వంతు నూరే

ఎన్నికలు దగ్గరపడితే మణుగూరు టీ కొట్ల దగ్గర ఒక సర్వే సారాంశం ఫోటో ఫోనుల్లో తిరగడం మొదలవుతుంది. రంగురంగుల గ్రాఫు, దాని కింద నియోజకవర్గాల వారీగా పార్టీల శాతాలు, అడుగున చీమకాళ్లంత అక్షరాల్లో శాంపిల్ సైజు, మార్జిన్ ఆఫ్ ఎర్రర్. "అన్నా, పన్నెండు వేల మందిని అడిగిన్రు, తప్పు ఒక్క శాతమే అంట. మన పినపాకల నాలుగు శాతం ఆధిక్యం. ఇగ తిరుగు లేదు" అంటాడు ఫోను చూపించే కుర్రాడు. ఆ మాట మీద పందేలు కాస్తారు. పత్తి అమ్మిన డబ్బులు, బండి తాళాలు పందెంలోకి వెళ్తాయి. ఆ ఫోటోను నమ్మి ఇల్లు గుల్ల చేసుకునేవాళ్లను చూసే ఇది రాస్తున్నాను.

అపోహ ఏమిటంటే, సారాంశం అడుగున రాసిన "±1 శాతం" అందులోని ప్రతి అంకెకూ వర్తిస్తుందని. వర్తించదు. అది రాష్ట్రం మొత్తానికి కలిపి వేసిన అంకెకు మాత్రమే.

లెక్క వేసి చూద్దాం. తెలంగాణలో అసెంబ్లీ స్థానాలు 119. ఒక సర్వే 11,900 మందిని అడిగిందనుకుందాం. సమానంగా పంచితే స్థానానికి 100 మంది. మార్జిన్ ఆఫ్ ఎర్రర్‌ను చేత్తో చూసుకునే దారి సులువే: శాంపిల్‌కు వర్గమూలం కట్టి, దానితో 100ను భాగించాలి. 11,900కు వర్గమూలం సుమారు 109, కాబట్టి ఒక శాతానికి కాస్త తక్కువ వస్తుంది. రాష్ట్రం అంకెకు ±1 అని రాస్తే తప్పు లేదు. పినపాక వంతు 100 మందే. 100కు వర్గమూలం 10, కాబట్టి ఎర్రర్ ±10 శాతం. ఫోటోలో ఒక పార్టీకి 44, ఇంకో పార్టీకి 40 అని ఉంటే, అసలు సంగతి 44 మంది, 40 మంది. ఆ 44 మందిలో ఇద్దరు మనసు మార్చుకుని అటు వెళ్తే 42–42 అయిపోతుంది. బండి తాళాలు పెట్టింది ఆ ఇద్దరి మీద.

ఇంకో మెలిక ఉంది. ±10 అనేది ఒక్కో పార్టీ శాతానికి. రెండు పార్టీల మధ్య తేడాకు ఎర్రర్ దానికి దాదాపు రెట్టింపు ఉంటుంది, ఎందుకంటే ఒకరి దగ్గర తగ్గింది తరచూ ఇంకొకరి దగ్గర పెరుగుతుంది. ఈ 44–40 విషయంలో అది సుమారు 18 శాతం. అంటే నాలుగు శాతం ఆధిక్యం అసలు 22 శాతం ఆధిక్యమైనా కావచ్చు, 14 శాతం వెనుకబాటైనా కావచ్చు. అది కూడా ఇరవైకి పంతొమ్మిది సార్లు మాత్రమే. 119 స్థానాల పట్టికలో ఆరేడు అంకెలు కేవలం అదృష్టం వల్లే ఆ హద్దు దాటి ఉంటాయి. పట్టికలో పినపాకకు 43.7 శాతం అని దశాంశంతో కనిపిస్తే అక్కడే ఆగండి. నూరు మందిలో 43.7 మంది ఉండరు. ఆ అంకె ఎలా వచ్చిందో సారాంశం చెప్పాలి.

"మరి పినపాకలోనే 400 మందిని అడిగితే?" అంటారు. అప్పుడు ±5 శాతం అవుతుంది, కాగితం మీద. ఆ సూత్రం ఒక షరతు మీద నిలబడింది: ప్రతి ఓటరుకూ ఎంపికయ్యే అవకాశం ఒకేలా ఉండాలి. ఇక్కడ అది ఎంత కష్టమో చూడండి. ఒకే నియోజకవర్గంలో మణుగూరు సింగరేణి కాలనీలున్నాయి, అశ్వాపురం భారజల కర్మాగారం వాళ్లున్నారు, బూర్గంపాడు వైపు సారపాక కాగితం మిల్లు కార్మికులున్నారు, గుండాల, ఆళ్లపల్లి, కరకగూడెం అడవుల్లో కోయ గూడేలున్నాయి. సర్వే మనిషి మణుగూరు బస్టాండులో 300 మందిని, దారిలో మరో 100 మందిని అడిగి వెళ్తే శాంపిల్ 400 అనే రాస్తాడు. గుండాల గూడెం ఆ లెక్కలో లేదు. పద్ధతిగా చేసినా, 20 ఊళ్లు ఎంచి ఊరికి 20 మందిని అడుగుతారు. ఒకే గూడెంవాళ్లు చాలాసార్లు ఒకేలా ఓటేస్తారు కాబట్టి ఆ 20 మంది ఇరవై వేర్వేరు సమాధానాలతో సమానం కారు. ఆ పోలిక కొద్దిగా ఉన్నా 400 మంది విలువ 200కు పడిపోతుంది, ±5 కాస్తా ±7 అవుతుంది. సారాంశంలో ఈ మార్పు చేయకుండా పాత అంకే వేస్తారు.

"రెండు లక్షల దాకా ఓటర్లుంటే 400 మంది ఏం చెబుతారు?" అనే పెద్దమనుషుల మాటను ఇక్కడ కొంత ఒప్పుకోవాలి. గణితం ప్రకారం ఆ అనుమానం తప్పు. ఓటర్లు రెండు లక్షలైనా మూడు కోట్లైనా 400కు ఎర్రర్ ఒకటే. అన్నం ఉడికిందో లేదో చూడటానికి గిన్నె సైజు అక్కర్లేదు, మెతుకు చాలు. కానీ పైన ఉడికి అడుగున పలుకు ఉన్న గిన్నెలో పై మెతుకు పట్టి చూస్తే ఏం తెలుస్తుంది? వాళ్ల అనుమానానికి కారణం తప్పు, అనుమానం మాత్రం సరైనదే.

మన ప్రాంతానికి బాగా గుర్తుండాల్సింది 2018. ఆ డిసెంబరు 7న లగడపాటి రాజగోపాల్ తన సర్వే ప్రకారం ప్రజాకూటమికి 65, టీఆర్ఎస్‌కు 35 సీట్లు, రెండింటికీ పది అటూ ఇటూ అన్నారు. 11న ఫలితాల్లో టీఆర్ఎస్‌కు 88 వచ్చాయి. ఆయన చెప్పిన పై హద్దు 45. మన ఉమ్మడి ఖమ్మం జిల్లాలో మాత్రం పది స్థానాల్లో టీఆర్ఎస్ గెలిచింది ఒక్కటే. పినపాకలో కాంగ్రెస్ నుంచి రేగా కాంతారావు గెలిచారు. చుట్టూ చూసినవాళ్లకు ఆ సర్వే నిజమే అనిపించింది. జిల్లా గాలిని రాష్ట్రం గాలి అనుకోవడం ఎంత ప్రమాదమో, రాష్ట్రం అంకెను పినపాక అంకె అనుకోవడమూ అంతే. పైగా "పది అటూ ఇటూ" అన్నది సీట్ల మీద. ఇందాకటి వర్గమూలం లెక్క ఓట్ల శాతానికి చెప్పేది, సీట్లకు కాదు. కొద్ది శాతం ఓటు కదిలితే పదుల సీట్లు అటు ఇటు అవుతాయి. 2019లో ఆంధ్రలో టీడీపీకి 100, పది అటూ ఇటూ అని మళ్లీ ఆయనే చెప్పారు. వచ్చినవి 23. ఇంత దూరం పోయిన లెక్కను శాంపిల్ అదృష్టం మీదికి నెట్టలేం. ఎవరిని అడిగారు, వాళ్లు ఏం దాచారు అన్నదే ప్రశ్న. మార్జిన్ ఆఫ్ ఎర్రర్‌కు ఆ సంగతి తెలియదు.

ఇంకొన్ని అపోహలూ ఉన్నాయి. ±3 అంటే సర్వే 97 శాతం నిజమని కాదు. ఎగ్జిట్ పోల్‌కూ ఎర్రర్ ఉంటుంది. శాంపిల్ పెద్దదైతే చాలన్నదీ తప్పే: 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ పత్రిక 20 లక్షలకు పైగా జవాబులు పోగేసి కూడా రూజ్‌వెల్ట్ ఓడిపోతాడని రాసింది. ఆయన ఘనవిజయం సాధించాడు.

ఈసారి ఫోటో వస్తే ముందు వర్గమూలం కట్టి చూడండి. శాంపిల్ 400 అని రాసి ±3 అంటే అది అబద్ధం, ±3 రావాలంటే వెయ్యికి పైగా జనం కావాలి. తర్వాత పినపాకలో ఎంతమందిని అడిగారు, ఏ ఊళ్లలో, "ఇంకా అనుకోలేదు" అన్నవాళ్లను ఏం చేశారు అని వెతకండి. నూటికి పదిహేను మంది తేల్చి చెప్పకపోతే, వాళ్లను తీసేసి మిగతావాళ్లతోనే నూరు శాతం చూపించి ఉంటారు. ఈ మూడింటికీ జవాబు లేని సారాంశాన్ని ఇంకొకరికి పంపకండి. దాని మీద పత్తి డబ్బులు పెట్టకండి.