కల నిజమైనదన్న మాట

కలలో కన్నదే జరిగిందని ఎవరైనా చెప్పినప్పుడు మనం ముందుగా అడగవలసినది తప్పిన కలల లెక్క.

1932 మార్చి 1న అమెరికాలో వైమానికుడు లిండ్‌బర్గ్ పసిబిడ్డను దుండగులు అపహరించారు. బిడ్డ ఏమైనదీ తెలియకముందే, హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు హెన్రీ మర్రే, ఆ బిడ్డను గూర్చి వచ్చిన కలలను వ్రాసి పంపవలసినదిగా పత్రికాముఖంగా ప్రజలను కోరాడు. 1,300కు పైగా కలలు చేరాయి. మే 12న బిడ్డ శవం చెట్ల నడుమ, సగం పూడిన స్థితిలో దొరికింది. బిడ్డ మరణించినట్లు చెప్పిన కలలు నూటికి సుమారు ఐదు మాత్రమే. మరణము, గొయ్యి, చెట్లు, ఈ మూడూ కనబడినవి నాలుగే.

ఆ నాలుగింటినే వింటే అద్భుతమనిపిస్తుంది. తక్కినవన్నీ చేర్చి చూస్తే కాకతాళీయమని తెలుస్తుంది. తప్పిన కలను మనం మరచిపోతాము. ఫలించినదానిని పదిమందికి చెబుతాము. పైగా, సంఘటన జరిగిన పిదప జ్ఞాపకం కలను దానికి తగినట్లు దిద్దుకొంటుంది.

కావున జోస్యం చెప్పినవారిని పరిహసించక, మూడు సంగతులు అడుగుదాము: జరుగకముందే తేదీ వేసి వ్రాశారా? స్థలకాలాలు స్పష్టంగా చెప్పారా? ఇదివరకు చెప్పినవాటిలో తప్పినవెన్ని? జవాబు లభించనంతవరకు, కలను నమ్మి పరీక్షగాని ప్రయాణంగాని మానుకొనరాదు.