కౌంటర్ ఆఫర్ వచ్చిందని రిక్రూటర్‌కు చెప్పడం

ఉద్యోగి రాజీనామా పెట్టాక, అతన్ని ఆపుకోవడానికి పాత కంపెనీ జీతం పెంచుతామనో హోదా మారుస్తామనో ముందుకు రావడాన్ని కౌంటర్ ఆఫర్ అంటారు. హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో చాలాచోట్ల నోటీస్ పీరియడ్ 90 రోజులు. ఒకచోట రాజీనామా ఇచ్చి, మరోచోట చేరతానని మాట ఇచ్చి, మూడు నెలలు పాత సీట్లోనే కూర్చోవాలి. మేనేజర్ పిలిచి మాట్లాడటానికి అంత సమయం దొరుకుతుంది కాబట్టే ఇక్కడ కౌంటర్ ఆఫర్లు ఎక్కువగా ఎదురవుతాయి.

అవతల రిక్రూటర్ పరిస్థితి తెలిస్తే ఏం చెప్పాలో సులువుగా తేలుతుంది. కన్సల్టెన్సీ రిక్రూటర్‌కైతే సాధారణంగా అభ్యర్థి చేరాకే కంపెనీ నుంచి ఫీజు వస్తుంది. కంపెనీ సొంత హెచ్ఆర్‌లో పనిచేసే రిక్రూటర్ అయితే ఫలానా తేదీకి మనిషి వస్తాడని ప్రాజెక్టు మేనేజర్‌కు చెప్పి ఉంటారు. ఇద్దరూ ఇంటర్వ్యూలో రెండో స్థానంలో నిలిచిన వ్యక్తిని కొన్నాళ్లు చేతిలో ఉంచుకుంటారు. ఆ వ్యక్తి వేరేచోట చేరకముందే విషయం తెలిస్తే సర్దుకోగలరు. చేరాల్సిన రోజు ఉదయం ఫోన్ ఎత్తకపోతే మాత్రం ఏ దారీ ఉండదు. అందుకే వాళ్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ‘రాను’ అనే మాట కన్నా, ఏ మాటా లేకపోవడం.

ఒక ఉదాహరణ చూద్దాం. ఏడాదికి 14 లక్షలు తీసుకుంటున్న ఉద్యోగికి కొత్త కంపెనీ 20 లక్షల ఆఫర్ ఇచ్చింది. అందులో స్థిర జీతం 18 లక్షలు, పనితీరును బట్టి వచ్చే వేరియబుల్ 2 లక్షలు. రాజీనామా పెట్టిన నెలకు పాత కంపెనీ 19.5 లక్షలు ఇస్తామంది. పైకి తేడా 50 వేలే. విడదీసి చూస్తే స్థిర జీతం 16 లక్షలు, వేరియబుల్ లక్షన్నర, మిగతా 2 లక్షలు ఒక్కసారే ఇచ్చే రిటెన్షన్ బోనస్. 12 నెలల్లోపు మానేస్తే ఆ బోనస్ తిరిగి కట్టాలి. రెండో ఏడు జీతం పెంచకపోతే ప్యాకేజీ 17.5 లక్షలకు దిగుతుంది. అసలు తేడా రెండున్నర లక్షలు. ఈ లెక్క వేసుకోకముందే రిక్రూటర్‌కు ఫోన్ చేసి “అక్కడ 19.5 ఇస్తున్నారండీ” అనడం తొందరపాటు. ఆ మాట బేరానికి మొదటి మెట్టులా వినిపిస్తుంది.

నిర్ణయం తేలకపోతే ఆ సంగతే చెప్పాలి, దానికో గడువు జోడించాలి: “మా కంపెనీ కౌంటర్ ఆఫర్ ఇచ్చిందండీ. ఇంకా ఏదీ ఒప్పుకోలేదు. గురువారం సాయంత్రానికి ఖాయంగా చెబుతాను.” ఇక్కడ జీతం అంకె అక్కర్లేదు. కొత్త కంపెనీ జీతం పెంచితేనే చేరే ఉద్దేశం ఉంటే, ఎంత ఇస్తే చేరతారో ఆ అంకె ఒక్కసారే స్పష్టంగా చెప్పాలి. అది ఇచ్చాక మళ్లీ పెంచమంటే ఆఫర్‌నే వెనక్కి తీసుకునే ప్రమాదం ఉంది.

వదులుకున్న కౌంటర్ ఆఫర్ గురించి చెప్పి తీరాలన్న నియమం లేదు. అయినా చెప్పడమే మంచిదనిపిస్తుంది, ఎందుకంటే ఆ అనుమానం రిక్రూటర్‌కు ఎలాగూ ఉంటుంది. పై ఉద్యోగి మాట ఇలా ఉంటే సరిపోతుంది: “కౌంటర్ ఆఫర్ వచ్చింది, వద్దన్నాను. అనుకున్న తేదీకే చేరుతున్నాను. రిలీవింగ్ తేదీ ఖరారు చేసిన మెయిల్ రాగానే పంపుతాను.” ఆ మెయిల్ అందితే రిక్రూటర్‌కు నమ్మకం కుదురుతుంది.

పాతచోటే ఉండిపోవాలనుకుంటే పని కష్టం. ముందు పాత కంపెనీ నుంచి రెండు విషయాలు రాతపూర్వకంగా రావాలి: సవరించిన జీతం లేఖ, రాజీనామా ఉపసంహరణను అంగీకరించినట్టు మెయిల్. మేనేజర్ నోటిమాట నమ్మి కొత్త ఆఫర్ వదిలేస్తే, పైవాళ్లు ఒప్పుకోని పక్షంలో రెండూ పోతాయి. ఆ కాగితాలు అందిన రోజే రిక్రూటర్‌కు ఫోన్ చేయాలి: “నేను ఇక్కడే ఉండిపోవాలని నిర్ణయించుకున్నానండీ. ఆఫర్ ఒప్పుకున్నాక మాట మారుస్తున్నందుకు క్షమించండి. మీరు వేరే వాళ్లను చూసుకోవచ్చు, మెయిల్ కూడా ఇప్పుడే పెడుతున్నాను.” నిర్ణయం మారదనుకుంటే “ప్రస్తుతానికి”, “చూద్దాం” లాంటి మాటలు వాడకూడదు. అవి విన్న రిక్రూటర్ మరో వారం ఆశతో తిరుగుతారు. ఇంట్లో ఎవరికో జబ్బు చేసిందని అబద్ధం చెప్పడం ఇంకా చెడ్డది. అది నమ్మి చేరే తేదీని నెల వాయిదా వేస్తే, నెలయ్యాక మళ్లీ అదే ఫోన్ చేయాల్సి వస్తుంది.

ఫోన్ తర్వాత మెయిల్ తప్పనిసరి. కన్సల్టెన్సీ ద్వారా వచ్చిన ఉద్యోగమైతే, ఆఫర్ లెటర్ ఇచ్చిన కంపెనీ హెచ్ఆర్‌కు కూడా దాన్ని పంపాలి. నిర్ణయం, ఆఫర్ తేదీ, ఒక్క వాక్యం కృతజ్ఞత చాలు. చేరకముందే జాయినింగ్ బోనస్ గానీ ల్యాప్‌టాప్ గానీ అంది ఉంటే, వాటిని ఎప్పటిలోగా తిరిగి ఇస్తారో అదే మెయిల్‌లో రాయాలి.