తాంబూలాలకు ముందు చీటీ మాట

పెళ్లిచూపుల్లో జీతం సంగతి పెద్దవాళ్లే అడిగేస్తారు. ప్యాకేజీ ఎంత, సొంతిల్లా అద్దా, ఊళ్లో పొలం ఏమైనా ఉందా అని. ఇంత సూటిగా అడిగేవాళ్లు కూడా, నెల మొదటి వారం దాటేసరికి ఆ జీతంలో ఎంత మిగులుతుందని మాత్రం అడగరు. ప్రేమించుకున్నవాళ్లయితే అదీ ఇదీ ఏదీ అడగరు. డబ్బు మాటెత్తితే అవతలివాళ్లు ఏమనుకుంటారోనని మొహమాటం.

ఈ మాటకు అదను, ‘ఇంట్లో ఎప్పుడు చెబుదాం’ అని ఇద్దరూ అనుకుంటున్న రోజులు. మరీ ముందే అడిగితే ఆరా తీసినట్టుంటుంది. తాంబూలాలు మార్చుకున్నాక అడిగితే, జవాబు నచ్చకపోయినా వెనక్కి తగ్గడం కష్టం. అప్పటికే బంధువులందరికీ ఫోన్లు వెళ్లిపోయి ఉంటాయి.

ప్రశ్నతో కాకుండా తన లెక్కతో మొదలుపెడితే మాట తేలిగ్గా సాగుతుంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే ఒక జంటను ఊహించుకుందాం. అమ్మాయికి చేతికొచ్చే జీతం 60,000. ఆమె ఇలా అంటుంది: “నా చదువు లోనుకి నెలకు 12,000 కడుతున్నా, ఇంకా రెండేళ్లుంది. అమ్మకు 15,000 పంపుతా. అది పెళ్లయ్యాక కూడా ఆపను. నీకూ ఇలాంటివేమైనా ఉంటే వీలున్నప్పుడు చెప్పు.” ఎంత, ఎప్పటిదాకా, ఎవరికోసం అన్నవి మూడూ అందులోనే వచ్చేశాయి. అవతలివాళ్లు ఏం చెప్పాలో వేరే అడగక్కర్లేదు.

అబ్బాయికి 85,000 వస్తుంది. ఊరికి 20,000 పంపుతాడు, చెల్లెలి పెళ్లికి తీసుకున్న పర్సనల్ లోనుకి 15,000 కడతాడు, చీటీకి 10,000 పోతుంది. అంటే అతనికి 40,000, ఆమెకు 33,000 మిగులుతాయి. ‘ఇద్దరికీ కలిపి లక్షా నలభై ఐదు వేలు, ఫ్లాట్ కొనెయ్యొచ్చు’ అనుకున్నవాళ్ల చేతిలో నిజంగా ఉండేది 73,000. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్ల గడువుతో 75 లక్షల గృహరుణం తీసుకుంటే కిస్తీ దాదాపు 65,000. మిగిలిన ఎనిమిది వేలతో ఇల్లు గడవాలి.

ఆ చీటీ దగ్గర ఇంకో ప్రశ్న అడగాలి: పాడేశావా, ఇంకా పాడలేదా? చాలామంది ‘చీటీ కడుతున్నా’ అని పొదుపు కిందే చెబుతారు. యాభై నెలల ఐదు లక్షల చీటీని పదిహేనో నెలలో పాడుకుని ఆ డబ్బు వాడేసుకుంటే, మిగిలిన ముప్పై ఐదు నెలలూ కట్టేది అప్పే. నెలనెలా వచ్చే డివిడెండు పోను ఎంత తగ్గినా, అసలు లెక్క మూడున్నర లక్షలు. ఇది దాచాలని దాచేది కాదు. దాన్ని అప్పుగా చూడటం మనకు అలవాటు లేదు, అంతే.

అన్నిటికన్నా నలిగేది పుట్టింటికి పంపే డబ్బు. అబ్బాయి ఊరికి పంపితే బాధ్యత అంటారు. అమ్మాయి పంపితే ‘పెళ్లయ్యాక కూడానా?’ అంటారు. నన్నడిగితే ఇద్దరికీ ఒకే కొలత ఉండాలి. ఈ ప్రశ్నకు అబ్బాయి ‘నాకు ఫర్వాలేదు’ అంటే సరిపోదు. ఆ మాట వాళ్ల అమ్మానాన్నలకు చెప్పాడా, ఎప్పుడు చెబుతాడు అన్నది కూడా తేలాలి. ‘అమ్మావాళ్లతో తర్వాత మాట్లాడతాలే’ అంటే, రేపు కోడలిగా ఆ మాట తనే చెప్పుకోవాల్సి వస్తుందని అమ్మాయి గ్రహించాలి.

కాస్త చనువు కుదిరాక సిబిల్ రిపోర్టులు ఒకరివొకరు చూసుకోవచ్చు. ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగానే వస్తుంది. పెళ్లితో ఇద్దరి స్కోర్లూ కలిసిపోవు కానీ, గృహరుణానికి కలిసి దరఖాస్తు పెడితే బ్యాంకు ఇద్దరివీ చూస్తుంది. అయితే ‘నాది చూపిస్తా, నీది కూడా చూద్దామా’ అనాలి తప్ప ‘నీది చూపించు’ అనకూడదు. స్నేహితుడికి హామీ సంతకం పెట్టి ఉంటే అది కూడా బయటపడే అవకాశం ఉంది. అసలు అప్పుదారు ఎగ్గొడితే ఆ బాకీ హామీదారు మీద పడుతుంది. చేబదుళ్లు, ఊళ్లో వడ్డీకి తెచ్చినవి, తెలిసినవాళ్ల దగ్గర వేసిన చీటీలు మాత్రం ఆ కాగితంలో కనిపించవు. వాటికి నోటిమాటే ఆధారం.

ఎవరైనా మొదటిసారి అడిగినప్పుడు తడబడితే, సిగ్గుపడితే తప్పుపట్టక్కర్లేదు. వారం ఆగి మళ్లీ కదపొచ్చు. అడిగిన ప్రతిసారీ కోపం వస్తున్నా, చెప్పిన అంకె మాటిమాటికీ మారుతున్నా ముహూర్తం ఆపడం మేలు. పెళ్లి కాకముందే ‘నా కార్డు లిమిట్ అయిపోయింది, నీ పేరు మీద లోను తీయవా, నేను కడతాను’ అంటే మాత్రం ఒప్పుకోవద్దు. ఎవరు కడతామన్నా, బ్యాంకు వెతుక్కుంటూ వచ్చేది సంతకం పెట్టినవాళ్ల కోసమే.