కళ్ళా, కాళ్ళా? ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు

ప్రభుత్వ వైద్య కళాశాలల పీజీ సీట్లలో సగం అఖిల భారత కోటాలో భర్తీ అవుతాయి. అందుకే కర్నూలులోనో వరంగల్‌లోనో ఓపీకి వెళ్తే, ఎదురుగా కూర్చున్న డాక్టరుది జైపూరో పట్నానో కావచ్చు. రోగితో మాట్లాడక తప్పదు, లిపి నేర్చుకునే తీరికా ఉండదు. అలాంటివాళ్ళకు ఆదరువు ఒక కాగితం: రోజూ అడిగే ప్రశ్నలు, వాటి అర్థం, పక్కనే ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు ఉచ్చారణ.

ఆ కాగితం మీద kallu అని ఉందనుకోండి. కళ్ళు, కాళ్ళు, కల్లు మూడూ ఆ అయిదు అక్షరాల్లో ఇమిడిపోతాయి. రాసింది తెలుగువాళ్ళయితే మాట ముందే చెవిలో ఉంటుంది కాబట్టి ఆ ఇబ్బంది వాళ్ళ కంట పడదు. చదివే డాక్టరుకు కాగితం తప్ప మరో ఆధారం లేదు. షుగరు రోగిని కళ్ళు మసకబారుతున్నాయా అనీ అడగాలి, కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా అనీ అడగాలి. రెండు ప్రశ్నల్లోనూ ఒకే kallu ఉంటే, ఏ జవాబు దేనికి వచ్చిందో కేసు షీటు చూసి ఎవరూ చెప్పలేరు.

దీర్ఘం గుర్తించకపోవడం, ళకూ లకూ, డకూ దకూ ఒకే అక్షరం వాడటం రాసేవాళ్ళ వైపు లోపాలు. పండి, పంది రెండూ pandi అవుతాయి. చదివేవాళ్ళ వైపు నుంచి వచ్చే చిక్కు ఇంకా లోతైనది. రోమన్ అక్షరాన్ని ఎవరైనా తమ భాష అలవాటుతోనే పలుకుతారు. తల అని మనం thala రాస్తాం. హిందీవాళ్ళకు th అంటే థ, చివరి a అంటే ఆ. అందుకే అది ‘థలా’ అవుతుంది. పోనీ tala అని రాస్తే ఇంగ్లిషు మాతృభాష అయినవాళ్ళు ‘టాలా’ అంటారు. హిందీలో హ్రస్వమైన ఎ, ఒ విడిగా లేవు కాబట్టి ekkada చూసి ‘ఏక్కడ’ అనడం, noppi చూసి ‘నోప్పి’ అనడం సహజం. అమెరికాలో పుట్టిన మన పిల్లలది మరో ఇబ్బంది: ఒత్తు నిలిపి పలకడం వాళ్ళకు అలవాటు లేదు, అమ్మ ‘ఆమా’ అయిపోతుంది. కాబట్టి అందరికీ పనికొచ్చే ఒకే వరస అసాధ్యం. కాగితం ఎవరి కోసమో ముందు తేలాలి.

పండితులు ఈ చిక్కు ఎప్పుడో విప్పారు. 2001లో వచ్చిన ఐఎస్ఓ 15919 పద్ధతిలో కళ్ళు kaḷḷu, కాళ్ళు kāḷḷu, కల్లు kallu, గందరగోళం లేదు. కానీ ఆ చుక్కకు, గీతకు అర్థం నేర్చుకున్నవారికే అవి ఉపయోగం. పైగా ఫాంటు మారినప్పుడు, వాట్సాప్‌లో ఎవరో మళ్ళీ టైపు చేసినప్పుడు అవి రాలిపోతాయి. తెలుగు టైపింగ్‌లో చాలామందికి తెలిసిన ఆర్‌టీఎస్‌లో చుక్కల బదులు పెద్ద అక్షరాలు: kaLLu, kaaLLu. ఇందులో చిన్న t అంటే త, పెద్ద T అంటే ట. ఫోను మాత్రం వాక్యం మొదటి అక్షరాన్ని తనంతట తానే పెద్దది చేస్తుంది, తల కాస్తా ‘టల’ అవుతుంది.

నా మటుకు నాకు, జైపూర్ డాక్టరుకు ఇంగ్లిషు అక్షరాలే అక్కర్లేదు. ఆయన చిన్నప్పటి నుంచీ చదివిన దేవనాగరిలో దీర్ఘం ఉంది, త ట వేరుగా ఉన్నాయి, ద డ వేరుగా ఉన్నాయి. ళ ఒక్కటి నేర్పాలి. మరాఠీవాళ్ళకయితే అదీ అక్కర్లేదు. హ్రస్వమైన ఎ, ఒలకు ఒక గుర్తు పెట్టుకుంటే చాలు. రోమన్ తప్పదనుకుంటే దీర్ఘానికి ప్రతిసారీ aa రాయాలి, ఒకచోట రాసి మరోచోట వదిలేయకూడదు. మాటను ముక్కలుగా విడగొట్టాలి: kaaL-Lu tim-mi-ri. పుస్తకంలో ఉన్నట్టు కాక, ఆ ఊళ్ళో పలికినట్టు రాయాలి. రాత్రి అని రాసుకుని చదివిన డాక్టరుకు, రోగి ‘రాత్తిరి’ అంటే అది అదే మాటని తట్టదు.

కాగితం సరిగ్గా ఉందో లేదో తేల్చే పరీక్ష తేలికే. తెలుగు రాని ఒకరు దాన్ని పైకి చదవాలి. కాగితం చూడని తెలుగు మనిషి విని, తనకు ఏం వినిపించిందో తెలుగులో రాయాలి. ఎక్కడ తేడా వస్తే అక్కడ వరస మార్చాలి. రాసినవాళ్ళే చదివి చూసుకుంటే ప్రయోజనం లేదు, వాళ్ళకు తప్పు కూడా ఒప్పుగానే వినిపిస్తుంది.

ఉచ్చారణ ఎంత కుదిరినా ప్రశ్న వరకే. “ఏమైంది?” అని చక్కగా అడిగితే, డాక్టరమ్మకు తెలుగు వచ్చనుకుని రోగి ఆపకుండా చెప్పుకుపోతాడు, ఆమెకు ఒక్క ముక్కా అందదు. అందుకే ప్రశ్నలను జవాబు బట్టి ఎంచుకోవాలి. “నొప్పి ఎక్కడ? చూపించండి” అంటే వేలు జవాబు చెబుతుంది. “ఎన్ని రోజులు?” అని అడిగేవాళ్ళు ఒకటి నుంచి పది దాకా అంకెలు చెవికి నేర్చుకోవాలి. మందు మోతాదు చెప్పేటప్పుడు మాత్రం కాగితం పక్కనపెట్టి, తెలుగు వచ్చిన నర్సును పిలవాలి.