ఒకే ప్లేటు మీద 48 కొక్కేలు

త్రీడీ ప్రింటర్‌లో తాళాలు తగిలించే కొక్కేలు చేయాలనుకుందాం. ఒక్కోటి 30 మి.మీ. పొడవు, 20 మి.మీ. వెడల్పు. 220 మి.మీ. చదరపు ప్లేటు మీద మధ్యలోనూ అంచుల్లోనూ 5 మి.మీ. ఎడం వదిలితే 48 పడతాయి. నిలబెట్టి పేరిస్తే ఇంకా ఎక్కువే పడతాయి కానీ, బరువు తగిలిస్తే పొరల మధ్య విరగవచ్చు. కొక్కేన్ని పడుకోబెట్టే ముద్రించాలి.

అసలు భయం వేరే ఉంది. ప్రింటర్ అన్నిటికీ ఒక్కో పొర వేసుకుంటూ పోతుంది. ఒక్క కొక్కెం అంచు లేచి ఊడిందా, నాజిల్ దాన్ని ఈడ్చుకెళ్లి పక్కవాటినీ పడగొట్టవచ్చు. ఆపై ప్లాస్టిక్ దారం సేమియాలా చుట్టుకుంటుంది. చివరి గంటలో ఇలా జరిగితే మొత్తం 48 పోవచ్చు. అందుకే నేనైతే ముందు ఒక్కటి చేసి చూసి, తర్వాత 24 చొప్పున రెండు విడతలు వేస్తాను. మొదటి పొర పూర్తయ్యేదాకా ప్రింటర్ దగ్గరే ఉండండి. అంచు లేస్తే అప్పుడే ఆపేయండి.